మార్చి 31 నాటికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై రావలసిన వడ్డీని, దానిపై టీడీఎస్‌ను లెక్కగట్టే విధానం

ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరేది ఎప్పుడైనా, ఆర్థిక సంవత్సరం మాత్రం మార్చి 31తో ముగుస్తుంది. ఈ రెండు తేదీలు కలవకపోవడం వల్లనే సంవత్సరాంతపు లెక్కల్లో చిక్కు వస్తుంది. చివరిసారి వడ్డీ జమ అయిన రోజు నుంచి మార్చి 31 వరకు పెరిగిన వడ్డీ ఇంకా డిపాజిట్‌లో కలవకపోయినా అది ఆ సంవత్సరపు ఆదాయమే. దానిపై బ్యాంకు టీడీఎస్‌గా, అంటే చెల్లింపు దశలోనే పన్ను కోసి ఉంటే, చేతికి రాని ఆ పన్ను మొత్తం కూడా మన ఆదాయంలో భాగమే. వడ్డీని, టీడీఎస్‌ను విడివిడిగా కాక ఒకే పట్టికలో పక్కపక్కన లెక్కగట్టి, ఆ పట్టిక నుంచే ఎంట్రీలు రాసుకుంటే తేడాలు చాలావరకు అక్కడే బయటపడతాయి. ఈ వ్యాసంలో అనుసరించే పద్ధతి అదే.

ఉదాహరణగా నిజామాబాద్‌లో పసుపు వ్యాపారం చేసే ఒక భాగస్వామ్య సంస్థను తీసుకుందాం. బ్యాంకు గ్యారంటీకి మార్జిన్‌గా ఆ సంస్థ 2025 ఆగస్టు 10న 12,00,000 రూపాయలను పదిహేను నెలల కాలానికి, 7 శాతం వార్షిక వడ్డీకి క్యుములేటివ్ డిపాజిట్‌గా వేసింది. వడ్డీ మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. ఆ బ్యాంకులో సంస్థకు వేరే డిపాజిట్లు లేవు. ఖాతాలు మర్కెంటైల్ పద్ధతిలో, అంటే డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా ఆదాయం ఏర్పడిన సంవత్సరంలోనే చూపే పద్ధతిలో రాస్తున్నారు. 2026 మార్చి 31 నాటికి ఎంత వడ్డీ చూపాలి, ఎంత టీడీఎస్ రావలసినదిగా చూపాలి అన్నది ప్రశ్న.

ముందుగా చూడవలసిన కాగితాలు

డిపాజిట్ రసీదు ఒక్కటే సరిపోదు. రసీదులో అసలు, వడ్డీ రేటు, ప్రారంభ తేదీ, గడువు తేదీ, గడువు తీరాక వచ్చే మొత్తం ఉంటాయి కానీ, వడ్డీ ఏయే తేదీల్లో కలిసిందో, టీడీఎస్ ఎక్కడి నుంచి వసూలైందో ఉండదు. వాటి కోసం డిపాజిట్ ఖాతా స్టేట్‌మెంటును ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు తీసుకోవాలి. దానితో పాటు బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, మన పాన్ మీద కోసిన పన్నుల వివరాలతో ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపించే ఫారం 26ఏఎస్ కూడా దగ్గర పెట్టుకోవాలి.

స్టేట్‌మెంటు చేతికి రాగానే రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, మూడు నెలల లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుంది అన్నది. కొన్ని డిపాజిట్లకు వడ్డీ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలాఖరుల్లో జమ అవుతుంది. అలాంటప్పుడు మార్చి 31నే వడ్డీ కలిసిపోతుంది కనుక విడిగా లెక్కగట్టవలసింది మిగలదు. మరికొన్నింటికి డిపాజిట్ వేసిన తేదీ నుంచి మూడేసి నెలలు లెక్కిస్తారు. మన ఉదాహరణలో నవంబరు 10న, ఫిబ్రవరి 10న జమలు కనిపిస్తున్నాయి కనుక ఇది రెండో రకం. రెండో విషయం, టీడీఎస్‌ను డిపాజిట్ వడ్డీలోంచే మినహాయించారా, లేక సంస్థ కరెంటు ఖాతా నుంచి తీసుకున్నారా అన్నది. ఇది తెలుసుకోవడం తేలిక. నవంబరు 10 తర్వాత డిపాజిట్ నిల్వ 12,21,000 అని ఉంటే వడ్డీ పూర్తిగా కలిసింది, పన్ను వేరే ఖాతా నుంచి వెళ్లింది అని అర్థం. 12,18,900 అని ఉంటే పన్ను పోను మిగిలినదే కలిసింది. మన స్టేట్‌మెంటులో 12,18,900 ఉంది. ఈ తేడాను పట్టించుకోకపోతే తర్వాతి మూడు నెలల వడ్డీ లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది, ఎందుకంటే చక్రవడ్డీ పెరిగేది డిపాజిట్‌లో నిజంగా ఉన్న మొత్తం మీదనే.

పూర్తయిన మూడు నెలల వడ్డీ

పూర్తయిన మూడు నెలలకు రోజులు లెక్కపెట్టనక్కరలేదు. వార్షిక రేటును నాలుగుతో భాగిస్తే 1.75 శాతం వస్తుంది, దాన్ని ఆ మూడు నెలల ప్రారంభ నిల్వకు వర్తింపజేయాలి. ఆగస్టు 10 నుంచి నవంబరు 9 వరకు 12,00,000 మీద వడ్డీ 21,000 రూపాయలు. దానిపై 10 శాతం టీడీఎస్ 2,100 పోగా 18,900 డిపాజిట్‌లో కలిసి నిల్వ 12,18,900 అయింది. నవంబరు 10 నుంచి ఫిబ్రవరి 9 వరకు ఈ కొత్త నిల్వ మీద వడ్డీ 21,330.75, అంటే రూపాయలకు సర్దితే 21,331. టీడీఎస్ 2,133 పోగా 19,198 కలిసి, ఫిబ్రవరి 10 నాటికి నిల్వ 12,38,098 అయింది.

ఇంతవరకు మన లెక్క స్టేట్‌మెంటులోని అంకెలతో రూపాయి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ముందుకు వెళ్లకూడదు. రేటు తప్పుగా తీసుకున్నామా, మధ్యలో రెన్యువల్ అయిందా, పన్ను వేరే చోట నుంచి వసూలైందా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి.

చివరి ముక్క: ఫిబ్రవరి 10 నుంచి మార్చి 31 వరకు

అసలు పని ఇక్కడే ఉంది. పూర్తికాని కాలానికి వడ్డీని రోజుల లెక్కన సాధారణ వడ్డీగా కట్టాలి: నిల్వను వార్షిక రేటుతో గుణించి, 365తో భాగించి, రోజుల సంఖ్యతో గుణించాలి. 12,38,098 మీద 7 శాతం చొప్పున ఒక్క రోజు వడ్డీ 237.44 రూపాయలు. రోజులు ఎన్ని అన్నదగ్గరే తరచుగా పొరపాటు జరుగుతుంది.

ఫిబ్రవరిలో 10వ తేదీ నుంచి 28 వరకు 19 రోజులు, మార్చిలో 31 రోజులు, మొత్తం 50. కానీ ఎక్సెల్‌లో మార్చి 31 నుంచి ఫిబ్రవరి 10ని తీసివేస్తే 49 వస్తుంది. రెండింటిలో ఏది సరైనదో తేల్చుకోవడానికి బ్యాంకు పాటించే సూత్రాన్ని గుర్తు చేసుకోవాలి: డబ్బు వేసిన రోజుకు వడ్డీ ఉంటుంది, తీసుకున్న రోజుకు ఉండదు. డబ్బు మార్చి 31 రాత్రి కూడా బ్యాంకులోనే ఉంది, ఏప్రిల్ 1న కూడా ఉంటుంది. కాబట్టి మార్చి 31వ తేదీ వడ్డీ ఈ సంవత్సరానిదే, 50 రోజులే సరైన లెక్క. 50 రోజులకు 11,872 రూపాయలు, 49 రోజులకైతే 11,635 రూపాయలు వస్తాయి. తేడా 237 రూపాయలే, కానీ బ్యాంకు సర్టిఫికెట్‌తో పోల్చినప్పుడు సరిగ్గా ఒక రోజు వడ్డీ అంత తేడా వస్తే కారణం ఇదేనని వెంటనే గుర్తుపట్టవచ్చు. ఎక్సెల్‌లో రాసేటప్పుడు చివర ఒకటి కలపాలి. ఫిబ్రవరి 10 నాటి నిల్వ D5 గడిలో ఉందనుకుంటే సూత్రం ఇలా ఉంటుంది.

```
=ROUND(D5*7%/365*(DATE(2026,3,31)-DATE(2026,2,10)+1),0)
```

ఇప్పుడు సంవత్సరపు మొత్తం వడ్డీ తేలింది: 21,000, 21,331, 11,872 కలిపితే 54,203 రూపాయలు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫిబ్రవరి 10 నుంచి మే 9 వరకు పూర్తి మూడు నెలల వడ్డీ 1.75 శాతం చొప్పున 21,667 అవుతుంది. కానీ ఆ మూడు నెలల్లో ఉన్నవి 89 రోజులే. రోజుకు 237.44 చొప్పున 89 రోజులకు కడితే 21,132 మాత్రమే వస్తుంది. ఫిబ్రవరి చిన్న నెల కావడం వల్ల ఆ మూడు నెలల్లో సంవత్సరంలోని నాలుగో వంతు కంటే తక్కువ రోజులు ఉండటమే 535 రూపాయల ఈ తేడాకు కారణం. అందువల్ల కొందరు మూడు నెలల వడ్డీనే 89 రోజులకు పంచి, అందులో 50 రోజుల వాటా తీసుకుంటారు. అప్పుడు మార్చి 31 నాటి వడ్డీ 12,172 అవుతుంది, అంటే మన లెక్క కంటే 300 రూపాయలు ఎక్కువ. రెండు పద్ధతులకూ తర్కం ఉంది. నా అభిప్రాయంలో బ్యాంకు ఏ పద్ధతిలో కట్టి సర్టిఫికెట్‌లో చూపిందో దాన్నే తీసుకోవడం మంచిది, ఎందుకంటే పన్ను శాఖ చూసే అంకె అదే, మిగిలిన తేడా మే 10 నాటి జమతో తనంతట తానే సర్దుకుంటుంది. ఒకసారి ఎంచుకున్న పద్ధతిని ఏటా మార్చకపోవడమే ముఖ్యం. మన బ్యాంకు రోజుల లెక్కనే కట్టి 11,872 చూపిందనుకుని ముందుకు వెళ్దాం.

టీడీఎస్ ఎప్పుడు, ఎంత

2025-26 ఆర్థిక సంవత్సరానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 194ఏ సెక్షను వర్తిస్తుంది. ఒక బ్యాంకు ఒక డిపాజిటరుకు ఆ సంవత్సరంలో ఇచ్చే వడ్డీ 50,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను కోయాలి. వయోవృద్ధులకు ఈ పరిమితి 1,00,000. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితులివి, అంతకు ముందు సంవత్సరం ఇవి 40,000, 50,000గా ఉండేవి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. వడ్డీ పరిమితి దాటితే, దాటిన భాగం మీద కాక మొత్తం వడ్డీ మీద కోస్తారు. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకులో అన్ని శాఖల్లోని డిపాజిట్లనూ కలిపి ఈ పరిమితి చూస్తారు కనుక, డిపాజిట్లను ఒకే బ్యాంకులోని వేర్వేరు శాఖల్లో పెట్టినా ఫలితం ఉండదు.

మన ఉదాహరణలో నవంబరులోనే, వడ్డీ 21,000 మాత్రమే ఉన్నప్పుడు ఎందుకు కోశారన్న సందేహం రావచ్చు. సెక్షనులో సంవత్సరంలో ఇచ్చిన వడ్డీతో పాటు ఇవ్వబోయే వడ్డీని కూడా లెక్కలోకి తీసుకోమని ఉంది. బ్యాంకు సాఫ్ట్‌వేరు సంవత్సరం మొత్తానికి అంచనా కట్టి, అది 50,000 దాటుతుందని తేలితే మొదటి జమ నుంచే కోయడం మొదలుపెడుతుంది. గమనించవలసింది ఏమిటంటే, నవంబరు, ఫిబ్రవరి జమలు రెండూ కలిపితే 42,331 మాత్రమే. మార్చి 31 వరకు పెరిగిన 11,872 కలిసినందువల్లనే పరిమితి దాటింది.

ఆ 11,872 డిపాజిట్‌లో కలవలేదు కదా, దానిపై పన్ను ఎలా కోస్తారు అన్నది తర్వాతి ప్రశ్న. వడ్డీని డిపాజిటరు ఖాతాలోనే కాక, చెల్లించవలసిన వడ్డీ ఖాతాలో గానీ సస్పెన్సు ఖాతాలో గానీ జమ చేసినా అది డిపాజిటరుకు జమ చేసినట్టే అని 194ఏ వివరణ చెబుతుంది. అయితే బ్యాంకుల సాఫ్ట్‌వేరు తమ సొంత పర్యవేక్షణ కోసం రోజూ గానీ నెలనెలా గానీ వడ్డీకి ప్రొవిజన్, అంటే ముందస్తు కేటాయింపు కడుతూనే ఉంటుంది. అలా కట్టిన ప్రతిసారీ పన్ను కోయాలా అన్న సందేహానికి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2010 మార్చి 2 నాటి 3/2010 సర్క్యులరులో సమాధానం ఇచ్చింది. అలాంటి రోజువారీ, నెలవారీ ప్రొవిజన్లకు కోయనక్కరలేదు. ఆర్థిక సంవత్సరం చివర, లేదా బ్యాంకు ఆచరణ ప్రకారం నిర్ణీత కాలాల్లో, లేదా గడువు తీరినప్పుడు, లేదా డిపాజిట్ ముందుగా తీసుకున్నప్పుడు, వీటిలో ఏది ముందు వస్తే అప్పుడు కోయాలి. అందుకే మార్చి 31న మన డిపాజిట్‌పై 1,187 రూపాయల మూడో కోత కనిపిస్తుంది. మూడూ కలిపితే 5,420.

తమకు పన్ను పడదు కనుక టీడీఎస్ కోయవద్దని బ్యాంకుకు ఇచ్చే ఫారం 15జీని భాగస్వామ్య సంస్థలు, కంపెనీలు ఇవ్వడానికి వీలు లేదు. సంస్థకు ఆ ఏడాది నష్టం వచ్చేలా ఉన్నా 15జీ ఇచ్చి కోత ఆపించుకోలేరు. తక్కువ రేటు కోసం పన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, లేదా రిటర్నులో రిఫండు కోరడం తప్ప మరో దారి లేదు.

ఖాతా పుస్తకాల్లో ఎంట్రీలు

తరచుగా కనిపించే తప్పు, డిపాజిట్‌లో కలిసిన నికర మొత్తాన్నే ఆదాయంగా రాయడం. స్టేట్‌మెంటులో జమ వైపు 18,900 కనిపిస్తుంది కాబట్టి అదే వడ్డీ అనుకుంటారు. నిజానికి ఆదాయం 21,000. అందులో 2,100 ప్రభుత్వం దగ్గర మన పేరిట ఉన్న పన్ను, అది ఆస్తి. నికరంగా రాస్తే సంవత్సరాంతానికి 5,420 రూపాయల ఆదాయం ఖాతాల్లో కనిపించదు, రిటర్నులో ఆ పన్ను క్రెడిట్ అడిగినప్పుడు ఆదాయం తక్కువ చూపినట్టు తేలుతుంది.

అందువల్ల నవంబరు 10న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఖాతాకు 18,900, టీడీఎస్ రావలసిన ఖాతాకు 2,100 డెబిట్ చేసి, డిపాజిట్ వడ్డీ ఖాతాకు 21,000 క్రెడిట్ చేయాలి. ఫిబ్రవరి 10న అదే రీతిలో 19,198, 2,133 డెబిట్ చేసి, 21,331 క్రెడిట్ చేయాలి. మార్చి 31న డిపాజిట్ ఖాతాను ముట్టుకోకూడదు, ఎందుకంటే బ్యాంకు రికార్డులో నిల్వ ఇంకా 12,38,098గానే ఉంది. విడిగా తెరిచిన రావలసిన వడ్డీ ఖాతాకు 10,685, టీడీఎస్ ఖాతాకు 1,187 డెబిట్ చేసి, వడ్డీ ఖాతాకు 11,872 క్రెడిట్ చేయాలి. డిపాజిట్ నిల్వను, రావలసిన వడ్డీని వేర్వేరు ఖాతాల్లో ఉంచితేనే ఆడిటరుకు బ్యాంకు ఇచ్చే నిల్వ ధ్రువీకరణతో డిపాజిట్ ఖాతా నేరుగా కలుస్తుంది.

సరిచూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డిపాజిట్ ఖాతా 12,38,098, రావలసిన వడ్డీ 10,685 కలిపితే 12,48,783. అసలు 12,00,000కు మొత్తం వడ్డీ 54,203 కలిపి టీడీఎస్ 5,420 తీసివేసినా 12,48,783 రావాలి. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే పట్టిక లోపల పొరపాటు లేనట్టే.

బ్యాంకు టీడీఎస్‌ను కరెంటు ఖాతా నుంచి తీసుకుంటే డిపాజిట్ ఖాతాకు పూర్తి వడ్డీ డెబిట్ అవుతుంది. కరెంటు ఖాతా స్టేట్‌మెంటులో కనిపించే కోతను టీడీఎస్ ఖాతాకు డెబిట్ చేయాలి. ఆ చిన్న డెబిట్లను బ్యాంకు చార్జీల కింద రాసేసిన పుస్తకాలు నేను ఎన్నో చూశాను. సంవత్సరాంతంలో టీడీఎస్ ఖాతా 26ఏఎస్ కంటే తక్కువగా ఉంటే మొదట వెతకవలసినది బ్యాంకు చార్జీల లెడ్జరులోనే.

సర్టిఫికెట్‌తో, 26ఏఎస్‌తో పోల్చడం

పోలికకు తొందరపడి ఏప్రిల్‌లోనే కూర్చుంటే జనవరి నుంచి మార్చి వరకు కోతలు 26ఏఎస్‌లో కనిపించకపోవచ్చు. బ్యాంకు మార్చిలో కోసిన పన్నును ఏప్రిల్ 30 లోగా ప్రభుత్వానికి కట్టవచ్చు, చివరి మూడు నెలల టీడీఎస్ రిటర్నును మే 31 లోగా దాఖలు చేయవచ్చు, టీడీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏను ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఇవ్వవచ్చు. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో 26ఏఎస్‌లో 2,100 ఒక్కటే కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. జూన్ మధ్యలో మళ్లీ చూసినప్పుడు 21,000, 21,331, 11,872 అన్న మూడు జమలు, వాటి పక్కన 2,100, 2,133, 1,187 అన్న మూడు కోతలు కనిపించాలి. బుకింగ్ స్థితి గడిలో `F` ఉంటే బ్యాంకు కట్టిన పన్ను, దాఖలు చేసిన రిటర్ను సరిపోలాయని అర్థం. `U` ఉంటే ఇంకా సరిపోలలేదు, అది సరిపోలే వరకు క్రెడిట్ దక్కదు. అప్పుడు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి రిటర్నును సవరించమని కోరాలి.

కోతలు ఏవీ అసలే కనిపించకపోతే పాన్ చూడాలి. డిపాజిట్ సంస్థ డబ్బుతోనే వేసినా బ్యాంకు రికార్డులో ఒక భాగస్వామి పాన్ నమోదై ఉంటే వడ్డీ, పన్ను రెండూ ఆ భాగస్వామి 26ఏఎస్‌లోకి వెళ్తాయి. అది సంస్థ ఆదాయమే కనుక సంస్థే చూపాలి, కానీ పన్ను క్రెడిట్ సంస్థకు రావాలంటే భాగస్వామి బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చి, బ్యాంకు సంస్థ పేరు మీద పన్నును చూపవలసి ఉంటుంది. ఇది సంవత్సరాంతంలో కాక, డిపాజిట్ వేసిన రోజే రసీదులో చూసుకోవలసిన విషయం.

బ్యాంకు మార్చి 31న పన్ను కోయకపోతే

ఈ పరిస్థితి తరచుగా ఎదురవుతుంది. వడ్డీని మార్చి 31 నాటికి సర్టిఫికెట్‌లో చూపకుండా, మేలో జమ చేసినప్పుడే మొత్తం 21,667 మీద పన్ను కోసే సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు మన అంచనా ప్రకారం టీడీఎస్ ఎంట్రీ రాయకూడదు. కోయని పన్ను మన ఆస్తి కాదు. రావలసిన వడ్డీ ఖాతాకు పూర్తి 11,872 డెబిట్ చేసి, వడ్డీ ఖాతాకు అంతే క్రెడిట్ చేయాలి. ఆదాయం మాత్రం ఈ సంవత్సరానిదే, బ్యాంకు పన్ను కోయకపోయినంత మాత్రాన దాన్ని వచ్చే ఏడాదికి నెట్టడానికి వీలు లేదు. 26ఏఎస్‌లోని వడ్డీ కంటే మన పుస్తకాల్లో వడ్డీ ఎక్కువగా ఉండటంలో ఇబ్బంది లేదు, తేడా ఎందుకు వచ్చిందో చూపే పట్టిక ఫైల్లో ఉంటే చాలు.

అసలు ఇబ్బంది పన్ను క్రెడిట్ విషయంలో వస్తుంది. ఏ ఆదాయం మీద పన్ను కోశారో, ఆ ఆదాయం ఏ సంవత్సరంలో పన్నుకు వస్తుందో ఆ సంవత్సరంలోనే క్రెడిట్ ఇవ్వాలని 37బీఏ నియమం చెబుతుంది. పన్ను ముందుగా కోసి, ఆదాయం తర్వాతి సంవత్సరానిది అయితే పరిష్కారం సులభం. రిటర్నులోని టీడీఎస్ షెడ్యూలులో ఈ ఏడాది వాడుకునే మొత్తం, ముందుకు తీసుకువెళ్లే మొత్తం అని వేర్వేరు గడులు ఉన్నాయి, వాడని భాగాన్ని రెండో గడిలో చూపితే వచ్చే ఏడాది వాడుకోవచ్చు. ఆదాయాన్ని ముందుగా చూపి, పన్ను తర్వాతి సంవత్సరంలో కోసినప్పుడే చిక్కు. దాని కోసమే 2023లో 1961 చట్టంలో 155(20) ఉపసెక్షను చేర్చి, ఫారం 71 ప్రవేశపెట్టారు. పన్ను కోసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన రెండేళ్లలోగా ఈ దరఖాస్తు పెట్టుకుంటే, ఆదాయం చూపిన సంవత్సరపు లెక్కను సవరించి క్రెడిట్ ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, వడ్డీపై టీడీఎస్ నిబంధనలు అందులో 393 సెక్షను కిందికి చేరాయి. కనుక మేలో కోసిన పన్ను విషయంలో పాత సెక్షను నంబర్లను రాయకుండా జాగ్రత్త పడాలి.

వచ్చే సంవత్సరంలో మొదటి జమ

మన ఉదాహరణలో బ్యాంకు మార్చి 31న పన్ను కోసింది కనుక మే 10న జరిగే జమ ఇలా ఉంటుంది. పూర్తి మూడు నెలల వడ్డీ 21,667, అందులో 11,872 నిరుడే చూపాం. మిగిలిన 9,795 మాత్రమే కొత్త సంవత్సరపు ఆదాయం, దానిపై పన్ను 980. డిపాజిట్‌లో కలిసేది 19,500 రూపాయలు, నిల్వ 12,57,598. ఎంట్రీలో డిపాజిట్ ఖాతాకు 19,500, టీడీఎస్ ఖాతాకు 980 డెబిట్ చేసి, రావలసిన వడ్డీ ఖాతాకు 10,685, వడ్డీ ఖాతాకు 9,795 క్రెడిట్ చేయాలి. ఈ ఎంట్రీతో రావలసిన వడ్డీ ఖాతా సున్నా కావాలి. సున్నా కాకుండా ఏడాది పొడవునా అదే నిల్వ నిలిచిపోయిందంటే, మేలో వచ్చిన వడ్డీ మొత్తాన్నీ కొత్త ఆదాయంగా రాశారని, 11,872 రెండుసార్లు ఆదాయంలో పడిందని అర్థం. అందుకే ట్రయల్ బ్యాలెన్సులో ఈ ఖాతాను మార్చిలోనే కాక జూన్ చివర కూడా ఒకసారి చూడటం మంచిది.

ఈ మధ్యలో సంస్థ డిపాజిట్‌ను గడువుకు ముందే మూసివేస్తే, బ్యాంకు డబ్బు వాస్తవంగా ఉన్న కాలానికి వర్తించే రేటును తీసుకుని, అందులో పెనాల్టీ తగ్గించి, వడ్డీని ఆగస్టు 10 నుంచి మళ్లీ లెక్కగడుతుంది. అప్పుడు నిరుడు చూపిన 54,203లో కొంత భాగం రాకుండా పోవచ్చు. మార్చి 31 తర్వాత తీసుకున్న నిర్ణయం వల్ల వచ్చిన తగ్గుదల కనుక నిరుటి ఖాతాలను తిరగరాయకుండా, మూసివేసిన సంవత్సరంలోనే వడ్డీ ఖాతాకు ఆ మొత్తాన్ని డెబిట్ చేయాలి. నిరుడు కోసిన 5,420 పన్ను మాత్రం అప్పటికే ప్రభుత్వానికి చేరి, నిరుటి రిటర్నులో క్రెడిట్‌గా వాడుకున్నది. బ్యాంకు మూసివేత పత్రంలో ఆ మొత్తాన్ని తిరిగి ఇచ్చినట్టు చూపిందా, లేదా అన్నది గమనించి, చూపితే 26ఏఎస్‌లో నిరుటి ఎంట్రీ మారిందేమో కూడా సరిచూసుకోవాలి.